ముందటి ఆమెతో నన్ను కొలవకు

పోయిన నెల చీటీ డబ్బుల లెక్క గురించి రాశాను. ఈ నెల సంగతి డబ్బుది కాదు, ఇంటి లోపలి మాటది. నలుగురిలో అడగడానికి సిగ్గుపడే మాట కాబట్టి నేనే రాస్తున్నాను.

మన పేటల్లో రెండో పెళ్ళి చేసుకున్న ఇళ్ళు ఉన్నాయి. కోర్టులో విడాకులు తీసుకొని వచ్చినవాళ్ళు కొందరు, పెద్దల ముందు తెగతెంపులు చేసుకొని వచ్చినవాళ్ళు కొందరు. అట్లాంటి ఇంట్లో కొత్తగా అడుగుపెట్టిన మనిషికి ముల్లులాగా గుచ్చుకొనే మాట ఒకటి ఉంది. "ఆమె అయితే ఇట్ల చేసేది" అనే మాట. ఆ మాట అన్నవాడు అని మరిచిపోతాడు. విన్నామె చేతిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ రోజంతా దాన్నే నమిలి మింగుతుంది. ఆ మాటను ఆపమని మొగుణ్ణి ఎట్లా అడగాలి? దాని గురించే ఈ నెల.

మా షోలాపూర్‌లోనే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. పేరు, పేట రాయనని మాట ఇచ్చి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఆమెకు 32 ఏళ్ళు, భర్తకు 38. అతను టవళ్ళ మగ్గాల మీద ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు చేస్తాడు. మొదటి భార్యతో విడాకులై నాలుగేళ్ళు దాటింది. తొమ్మిదేళ్ళ కొడుకు తండ్రి దగ్గరే ఉంటాడు, కన్నతల్లి నెలకోసారి వచ్చి చూసిపోతుంది. ఇంట్లో అత్త కూడా ఉంది. ఈమెకు కూడా ఇది రెండో పెళ్ళే. వచ్చి ఏడాదిన్నర అయింది.

"పెద్దమ్మా, భివండిల అన్న దగ్గరికి పోదామనుకుంటున్న" అంది. "అన్నకు ఒక్కటే ఖోలీ. అయినా ఒక మూలకు పడి ఉంట."

"కొడతడా?" అని అడిగాను.

"లేదు."

"పగార్ ఇంట్ల ఇయ్యడా?"

"ఇస్తడు. తాగుడు కూడా ఎక్కువ లేదు. కానీ మా ఇంట్ల మేము నలుగురం కాదు పెద్దమ్మా, ఐదుగురం. ఆ ముందటి ఆమె పొద్దున లేచినకాడ నుంచి నా పక్కనే ఉంటది. రొట్టె చేస్తే ఆమె రొట్టె పల్చగుండేది. షేంగా చట్నీ నూరితే ఆమె చట్నీల వెల్లుల్లి సరిగ్గా పడేది. బీడీలు చేస్తే ఆమె రోజుకు వెయ్యి చేసేది. ఇంక నేనెందుకు ఆ ఇంట్ల?"

కొట్టని, పగార్ ఇచ్చే మనిషిని ఒక్క మాట కోసం వదిలిపోతావా అని మన పెద్దవాళ్ళు అంటారు. నేను అనలేదు. ఎందుకంటే ఆమె వదిలిపోదామనుకుంటున్నది ఆ ఒక్క మాట కోసం కాదు. ఆ మాటను ఆపమని చెప్పుకొనే దారి దొరకక.

అప్పటికే ఆమె నాలుగు దారులు చూసింది. ఆ నాలుగూ మన ఇళ్ళల్లో అందరూ చూసేవే కాబట్టి ఎందుకు పనిచేయలేదో చెప్తాను.

మొదట మూతి ముడుచుకొని కూర్చుంది. రెండు రోజులు మాట్లాడలేదు. అతను తలనొప్పేమో అనుకొని గోలీ తెచ్చి ఇచ్చాడు. పాపం, అతనికి అర్థం కాలేదు. చెప్పకుండా అలిగితే, అలక మాత్రమే కనపడుతుంది, కారణం కనపడదు.

తర్వాత ఎదురు మాట వేసింది. "నా ముందటాయన నన్ను ఒక్కనాడు ఇట్ల అనలే" అంది. ఆ రాత్రి ఇల్లంతా అరుపులు. పక్క ఖోలీవాళ్ళు వచ్చి ఆపాల్సి వచ్చింది. అదే పని తనూ చేస్తే, ఇంక దాన్ని తప్పని ఎట్లా అంటుంది?

మూడోసారి అత్తకు చెప్పుకుంది. అత్త, "వాడు అన్నదాంట్ల అబద్ధమేముంది, ఆమె చెయ్యి నిజంగనే జోరు" అంది. పుండు మీద కారం పడింది.

నాలుగోసారి నేరుగా అతనితోనే అంది, కానీ ఇట్లా అంది: "నువ్వు ఎప్పుడు చూసినా ఆమెనే తలుచుకుంటవు." అతను వెంటనే, "ఎప్పుడు చూసినా అంటవేంది? ఎప్పుడన్న ఒకసారి అన్ననేమో" అన్నాడు. తర్వాత గంటసేపు ఎన్నిసార్లు అన్నాడు అనే దాని మీదే కొట్లాట. అసలు బాధ మాట పక్కకు పోయింది. "ఎప్పుడూ", "ఎల్లకాలం" అనే మాటలు వాడితే జరిగేది ఇదే. ఎదుటి మనిషి ఆ ఒక్క మాటను పట్టుకొని తప్పించుకుంటాడు.

ఆమెతో నేను ఒక పని చేయమన్నాను. "ఒక వారం ఏమీ అనకు. జవాబు ఇయ్యకు. అతను పోల్చిన ప్రతిసారి ఏమన్నడు, ఎక్కడ అన్నడు, ఎవరి ముందు అన్నడు, ఇది మాత్రం గుర్తుంచుకో. రాయొస్తది గద, పిల్లవాడి పాత కాపీల వెనక పేజీల రాసుకో."

ఇది అతని మీద నేరం మోపడానికి కాదు. మగ్గం మీద పనిచేసినవాళ్ళకు తెలుసు, బట్టలో లోపం వస్తే మగ్గాన్ని తిట్టి లాభం లేదు, ఏ పోగు తెగిందో వేలితో వెతికి పట్టుకోవాలి. బాధ కూడా అంతే. మొత్తం మీద బాధగా ఉంది అంటే ముడి వేయడానికి చోటు దొరకదు.

వారం తర్వాత వచ్చింది. ఎనిమిది మాటలు రాసింది. ఇద్దరం కూర్చొని చదివాం. నాలుగు తిండి మీద. రెండు బీడీల మీద. ఒకటి పిల్లవాడి చదువు మీద, "ఆమె ఉన్నప్పుడు వాడికి లెక్కలు మంచిగ వచ్చేది" అని. ఒకటి పెళ్ళికి పోయినప్పుడు అతని బావమరదుల ముందు, నవ్వుతూ, "ముందటామెకు చీర కట్టుడు వచ్చేది, ఈమెకు బీడీలు కట్టుడు కూడా రాదు" అని. అక్కడ అందరూ నవ్వారట. ఈమె కూడా నవ్విందట.

"ఈ ఎనిమిదిట్ల నిన్ను నిద్ర పోనియ్యనిది ఏది?" అని అడిగాను.

ఆమె చాలాసేపు చూసింది. తిండి మాటలు నాలుగూ పక్కన పెట్టింది. "ఇవి చిరాకు మాత్రమే" అంది. పెళ్ళిలో అన్న మాట మీద వేలు పెట్టింది. తర్వాత బీడీల మీద. "ఇవి రెండు. పెళ్ళిల నా పరువు తీసిండు. బీడీల మాటకైతే నేను ఈ ఇంట్ల తిండికి దండుగ అన్నట్టు ఉంటది."

చూడండి, పేరు దొరికింది. అంతకుముందు ఆమె బాధకు పేరు "ఆమెనే తలుస్తడు" అని. అంటే మొగుడికి ఆ ముందటి ఆమె మీద ఇంకా మనసుందేమోనని భయం. రాసి చూసుకుంటే అసలు బాధ అది కాదు. నలుగురిలో చిన్నబోవడం ఒకటి, సంపాదనకు పనికిరాననే మాట ఒకటి. ఈ రెండింటికీ, ఆ భయానికీ అడిగే తీరు వేరు వేరు. మనసు అక్కడే ఉందేమోనన్న భయమైతే, "నీకు ఇంకా ఆమె మీద మనసున్నదా" అని ఆ ఒక్క ప్రశ్నే అడగాలి. దాన్ని రొట్టె మీదికి, చట్నీ మీదికి తెచ్చి కొట్లాడకూడదు.

ఇంకో సంగతి ఆమె నాకు మెల్లగా చెప్పింది. ముందటి ఆమె వెయ్యి బీడీలు చేసిందనేది నిజమే కానీ ఒక్క చేతితో కాదట. ఆమె తల్లి రోజూ వచ్చి ఆకు కత్తిరించి ఇచ్చేదట, దారం కట్టి పెట్టేదట. ఈమె తునికాకు తడపడం నుంచి కట్టలు కట్టడం దాకా ఒక్కతే చేసి ఆరు, ఏడు వందలు చేస్తుంది. పైగా ఇంటి పని, పిల్లవాడి బడి. "ఈ మాట ఆయన ముఖం మీద అనాలె పెద్దమ్మా" అంది.

వద్దన్నాను. ఈ నెల రాతలో ముఖ్యమైన మాట ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

ఆ లెక్క సరైనదే. ఆమె చెప్తే గెలుస్తుంది కూడా. కానీ గెలిస్తే ఏమవుతుంది? బీడీల్లో నువ్వే మేలు అని ఒప్పుకుంటాడు. రేపు చీర సంగతి వస్తుంది, ఎల్లుండి చట్నీ సంగతి వస్తుంది. ప్రతిసారీ ఆ ముందటి ఆమెను తెచ్చి పక్కన నిలబెట్టి, ఎవరు ఎక్కువో తేల్చుకోవాలి. ఒకదాంట్లో గెలిచినా, రెండోదాంట్లో ఓడినా కొలత మాత్రం ఆమెదే. మనం అడగాల్సింది నన్ను ఎక్కువ కొలువు అని కాదు. ఆ కొలకర్ర కింద పెట్టు అని.

అందుకే "నువ్వే నయం, ఆమె కంటే నువ్వు మంచిదానివి" అనే పొగడ్త కూడా వద్దని చెప్పమన్నాను. వినడానికి తియ్యగా ఉంటుంది. కానీ అది అదే కర్ర, రెండో వైపు పట్టుకున్నది. ఈ రోజు పొగిడిన కర్రతోనే రేపు కొలుస్తారు. ముందటి ఆమెను తిట్టి మన మీద ప్రేమ చూపించినా సంతోషపడకూడదు. మనం కూడా ఆమెను తిట్టకూడదు. తిడితే అతను ఆమె పక్షాన మాట్లాడాల్సి వస్తుంది, పిల్లవాడు విన్నాడంటే వాడి కన్నతల్లిని తిట్టినట్టే.

ఇప్పుడు అడగడం సంగతి. ఎప్పుడు అడగాలి అనేది సగం పని. రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చిన మనిషికి చెవుల్లో ఇంకా మగ్గం మోత ఉంటుంది, ఒంట్లో ఓపిక ఉండదు. అన్నం ముందు కూర్చున్నప్పుడు వద్దు. పోల్చిన ఆ నిమిషంలో కూడా వద్దు, అప్పుడు నోట్లోంచి వచ్చేది కోపమే. అతనికి పగటి షిఫ్టు ఉన్న వారంలో, మగ్గాలకు సెలవున్న రోజు, పిల్లవాడు ఆడుకోవడానికి పోయినప్పుడు, అత్త గుడికి పోయినప్పుడు అడుగు అన్నాను.

మాటలు కూడా ముందే అనుకున్నాం. మూడు ముక్కలు. నువ్వు ఈ మాట అన్నావు, నాకు ఇట్లా అయింది, ఇక నుంచి ఇట్లా అను. మూడో ముక్క లేకుండా మొదటి రెండూ చెప్తే అది ఏడుపులాగానే ఉంటుంది. "నన్ను బాధ పెట్టకు" అంటే అతనికి ఏం మానాలో, దాని బదులు ఏం అనాలో తెలియదు. మారే పని ఏదో చేతికి ఇవ్వాలి.

ఆమె నా దగ్గర రెండుసార్లు చెప్పి చూసుకుంది. తర్వాత ఇంట్లో జరిగింది నాకు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఇగో, ఒక్క మాట చెప్త, మొత్తం వినాలె. మధ్యల అడ్డం రావద్దు" అంది.

"ఏమైంది?" అన్నాడు.

"మొన్న పెళ్ళిల నీ బావమరదుల ముందు, ముందటామెకు చీర కట్టుడు వచ్చేది, ఈమెకు బీడీలు కట్టుడు కూడా రాదు అన్నవు. అందరు నవ్విండ్రు. నేను కూడ నవ్విన. కానీ ఇంటికొచ్చి ఆ చీర మడతపెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. వాళ్ళ ముందుకు మళ్ళ పోవాలంటే ముఖం చెల్లుతలేదు. బీడీల కాడ కూడ రెండుసార్లు ఆమె వెయ్యి చేసేది అన్నవు. అట్లంటే నేను ఈ ఇంట్ల కూర్చొని తింటున్న అన్నట్టు అనిపిస్తది."

అతను ముఖం మాడ్చుకున్నాడు. "నేనేమన్న ఆమెను మళ్ళ తెస్తనన్ననా?"

"తేవని నాకు తెలుసు. ఆ మాట అంటలేను."

"మరి నవ్వులాటకన్నది పట్టుకుంటే ఎట్ల?"

"నువ్వు నవ్వులాటకే అన్నవు. నాకు మాత్రం నవ్వు రాలే. రెండూ నిజమే."

ఈ జవాబు నాకు చాలా నచ్చింది. అతను అబద్ధం ఆడుతున్నాడని అనలేదు. తన బాధ ఒట్టిదని ఒప్పుకోలేదు.

తర్వాత మూడో ముక్క చెప్పింది. "నాకు కావాల్సింది ఒక్కటే. నీకు ఏం కావాల్నో నాకు నేరుగ చెప్పు. ఉప్పు తక్కువైతే ఉప్పు తక్కువైంది అను. ఈ నెల ఖర్చుకు సరిపోతలేదు, ఇంకో వంద బీడీలు అయితయా అని అడుగు. అయితే అయితయంట, కాకపోతే కావంట. కానీ ఆమె ఇట్ల చేసేది అని మాత్రం అనకు. నలుగురిల అసలే అనకు."

అతను చెప్పులేసుకొని బయటికి పోయాడు. ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు వెంట పడతారు, లేకపోతే వాకిట్లో నిలబడి అరుస్తారు. ముందే చెప్పి పెట్టాను కాబట్టి ఈమె పోనిచ్చింది. కొందరు మగవాళ్ళకు ఇట్లాంటి మాట నిలబడి వినడం చేతకాదు, కొంచెం తిరిగి రావాలి. టీ తాగి గంటకు వచ్చాడు. అప్పుడన్నాడు, "ఆమెను తలుచుకొని అంటలేను. ఎనిమిదేండ్లు ఆమెతోని ఉన్న. నోటికి అలవాటు."

"అలవాటైతే మార్చుకోవచ్చు గద" అంది.

"మరి నోరు జారితే?"

"నేను నీ దిక్కు ఒక్కసారి చూస్త. నువ్వు మళ్ళ సరిగ్గ అను. కొట్లాడ."

అంతే మాట్లాడుకున్నారు. క్షమించమని అతను అనలేదు, ఈమె అడగనూ లేదు. అడిగిన మార్పు దొరికితే చాలనుకుంది.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఒక్క మాటతో అంతా చక్కబడిందని రాస్తే అది అబద్ధం. మొదటి వారంలోనే నోరు జారాడు. చూసింది. "అదే, నూనె ఎక్కువైంది అంటున్న" అని సర్దుకున్నాడు. అట్లా మాట మధ్యలో ఆగి దిద్దుకోవడమే మారుతున్న గుర్తు. అసలు జారకపోవడం కోసం ఎదురు చూడకండి.

రెండో వారం ఒక కొత్త వేషం వచ్చింది. "కొందరు ఆడోళ్ళు పొద్దుగూకకముందే పని ఒడగొడతరు" అన్నాడు. పేరు తీసేశాడు, కొలత ఉంచాడు. ఇది జాగ్రత్తగా పట్టుకోవాల్సిన చోటు. ఆమె కోపం తెచ్చుకోకుండా, "ఆ కొందరెవరో నాకు తెలుసు. నీకేం కావాలె, పెందలాడే అన్నమా?" అంది. "అవు, ఆకలైతున్నది" అన్నాడు. చూశారా, ఆ పోలిక లోపల ఉన్నది ఆకలి. చాలా పోలికల లోపల ఒక అడగలేని అవసరం ఉంటుంది. నాకు ఇది కావాలి అని నోరు తెరిచి అడగడం కొందరికి చిన్నతనం. అందుకని ఎవరో ఇచ్చేవాళ్ళు అని చెప్తారు.

రెండు నెలల తర్వాత మళ్ళీ ఒక వారం రాయమన్నాను. రెండే మాటలు ఉన్నాయి, రెండూ తిండి మీద, రెండూ ఇంట్లోనే. భివండి మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

పిల్లవాడి సంగతి విడిగా రాయాలి. ఆ పిల్లవాడు కూడా అంటాడు, "మా అమ్మ అయితే రొట్టెకు నెయ్యి రాసేది" అని. వీడిని కూడా ఆపమని మొగుణ్ణి అడగనా అని ఆమె నన్ను అడిగింది. అడగొద్దన్నాను. మొగుడికి ఆమె విడిపోయిన మనిషి, పిల్లవాడికి మాత్రం ఆమె అమ్మే. వాడు పోల్చడం లేదు, తలుచుకుంటున్నాడు. వాడి నోరు మూయిస్తే ఆ తలపు లోపలికి పోయి పగ అవుతుంది. "అట్లనా, నెయ్యి నీకిష్టమా" అంటే చాలు. అట్లాగే పిల్లవాడి ఫీజు, జ్వరం, ఎప్పుడు చూడడానికి వస్తుంది అనే సంగతులు మొగుడు ఆ ముందటి ఆమెతో మాట్లాడక తప్పదు. అది పోలిక కాదు. ఆమె పేరే ఇంట్లో వినపడకూడదు అని అడిగితే అది జరగని పని, న్యాయం కూడా కాదు. ఆమెతో నన్ను కొలవకు అనేది జరిగే పని.

చనిపోయిన భార్యను తలుచుకునే మనిషి సంగతి కూడా వేరు. ఫొటోకు దండ వేయనివ్వాలి, తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకోనివ్వాలి. అక్కడ కూడా కొలతను మాత్రం మానమని అడగొచ్చు.

మగవాళ్ళు ఇది మాకు కాదని పేజీ తిప్పకండి. ఈ ముల్లు మగవాళ్ళకూ గుచ్చుకుంటుంది, కానీ వాళ్ళు పరువుకు భయపడి చెప్పుకోరు. విడాకులై వచ్చిన భార్య, "ఆయన అయితే పగార్ మొత్తం తెచ్చి చేతిల పెట్టేటోడు" అంటే, మగ్గం ఆగి పగార్ తగ్గిన నెలలో ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. మగవాళ్ళు దానికి రెండే పనులు చేస్తారు. ఒకటి తాగి రావడం, రెండోది "అయితే వాడి దగ్గరికే పో" అనడం. ఈ రెండో మాట ఎన్నడూ అనకండి. అది తలుపు చూపించే మాట. దాని బదులు ఇట్లా అనండి: "నువ్వు ఆయన పగార్ మాట ఎత్తితే నేను చేతగానోణ్ణి అన్నట్టు అనిపిస్తది. ఈ నెల ఎంత తక్కువైందో చెప్పు, కూర్చొని లెక్క చూసుకుందం. ఆయన పేరు మాత్రం మన లెక్కల తేకు." ఇట్లా అడిగితే చేతగానితనం కాదు. తాగి వస్తే తెల్లారి మళ్ళీ అదే మాట వినాలి.

చివరగా ఈ దారి పనిచేయని చోటు. పైన చెప్పిందంతా అలవాటు కొద్దీ పోల్చేవాళ్ళకు, అడగలేక పోల్చేవాళ్ళకు. కావాలని గాయం చేయడానికి పోల్చేవాళ్ళు కొందరు ఉంటారు. తేడా కనుక్కోవడం కష్టం కాదు. బాధైందని నెమ్మదిగా చెప్పిన తర్వాత అలవాటు మనిషి తగ్గిస్తాడు, గాయపరిచే మనిషి పెంచుతాడు. ఏ మాట తగిలిందని చెప్పారో అదే మాట ఎత్తి ఎత్తి అంటాడు, జనం ముందే అంటాడు, నిన్ను కూడా ఆమెలాగే పంపించేస్తానని బెదిరిస్తాడు. అక్కడ మూడు ముక్కల మాట సరిపోదు. 2005లో వచ్చిన గృహ హింస చట్టంలో దెబ్బలు ఒక్కటే హింస కాదు. అవమానించడం, ఎగతాళి చేయడం కూడా మాటల హింస కింద రాసి ఉంది. 181 నంబరుకు ఫోన్ చేస్తే ఆడవాళ్ళకు ఎక్కడికి పోవాలో దారి చెప్తారు. దెబ్బ పడేదాకా ఆగాల్సిన పని లేదు.

కానీ మన ఇళ్ళల్లో చాలా చోట్ల సంగతి అంతదాకా పోదు. మంచి మనిషే, పాత అలవాటు. అట్లాంటి మనిషికి చెప్పకుండా మూట కట్టుకొని పోవడం అతనికీ అన్యాయమే, మనకూ అన్యాయమే. ఒక వారం రాసుకోండి. ఏ మాట ఎక్కువ తగిలిందో చూసుకోండి. సెలవు రోజు చూసి, ఆ ఒక్కటి అడగండి.

వచ్చే నెల పిల్లల సెలవుల్లో ఊరికి పోయే ఖర్చు సంగతి రాస్తాను. మీ ఇంటి మాట ఏదన్నా ఉంటే ఉత్తరం రాసి పంపండి, పేరు రాయకపోయినా సరే.